కాదన్నావు సరే, మరి అదేమిటి?

(తెలుగు వ్యాకరణ ప్రశ్నపత్రాల్లో వచ్చే ‘కానిది’, ‘తప్ప’, ‘అతి తక్కువ’ ప్రశ్నల గురించి, కరీంనగర్‌లో టెట్, డీఎస్సీకి చదువుకుంటున్న విద్యార్థుల ఎదుట చేసిన స్మారకోపన్యాసం)



స్మారకోపన్యాసమంటే మొదటి అరగంట పోయినవారి గుణగణాలకే సరిపోవడం మన దగ్గర ఆనవాయితీ. మన సారు అది సహించేవారు కాదు. గోదావరికి ఇటు ధర్మపురి వైపు, అటు లక్సెట్టిపేట వైపు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పిన మనిషి. ఆయన పేరిట జరిగే సభలో పాఠం చెప్పకుండా దిగిపోతే ఒప్పుకునేవారు కాదు. అందుకే పాఠమే చెప్తాను. బోర్డు ఉంది, సుద్దముక్క ఉంది, అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

మీలో ఎక్కువమంది టెట్‌కు కూర్చోబోతున్నారు. 150 ప్రశ్నలకు 150 నిమిషాలు. అందులో తెలుగుకు 30 మార్కులు. తప్పు రాస్తే మార్కు కోయరు. సంధులు, సమాసాలు, ఛందస్సు మీకు రావని కాదు. నిన్న మీ మాదిరి పరీక్షల పేపర్లు తెప్పించుకుని చూశాను. ‘గుణసంధికి ఉదాహరణ ఏది’ అంటే తప్పు పెట్టినవాళ్లు చాలా తక్కువ. అదే ‘గుణసంధి కానిది ఏది’ అన్నచోట, గుణసంధి బాగా తెలిసినవాళ్లే తప్పు పెట్టారు. తెలిసిన విషయంలో మార్కు పోవడం ఎందుకన్నదే ఈ పూట మన పాఠం.

ముందు ప్రశ్న చివరి మాటను చూద్దాం. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, కాబట్టి ‘కాదు’ అన్న సంగతి కూడా చివరే తెలుస్తుంది. ‘కింది వానిలో సవర్ణదీర్ఘ సంధి’ దాకా చదివేసరికే మనసు సవర్ణదీర్ఘాన్ని వెతకడం మొదలుపెడుతుంది. ‘కానిది’ అన్న మాట దగ్గరికి కన్ను చేరేలోపే చూపు జవాబుల మీద పడి ఉంటుంది. దానికి తోడు మన భాషలో వ్యతిరేకం ఒక్కోసారి మాటగా కూడా కనబడదు, అక్షరంలో దాక్కుంటుంది. బోర్డు మీద రెండు మాటలు రాస్తున్నాను, చూడండి.

చెందినది
చెందనిది

రెండింటిలోనూ నాలుగే అక్షరాలు. మొదటిదాంట్లో గుడి ‘ద’ మీద ఉంది. రెండోదాంట్లో అది పక్కనున్న ‘న’ మీదికి జరిగింది. అంతే తేడా. ‘చెందిన’ భూతకాలిక ధాతుజ విశేషణం, ‘చెందని’ వ్యతిరేక ధాతుజ విశేషణం. ‘పొందినది, పొందనిది’ జత కూడా ఇంతే, ‘ఏర్పడినది, ఏర్పడనిది’ జత కూడా ఇంతే. ‘కింది వానిలో ఉపజాతి పద్యాలకు చెందనిది’ అని తెర మీద చిన్న అక్షరాల్లో కనబడితే, ఆ గుడి ఎక్కడుందో చూసేంత నిదానం మీకుండాలి. ‘కానిది’, ‘లేనిది’ కనీసం వేరే మాటలుగా కళ్లబడతాయి. మోసం చేసేవి ఈ గుడి జరిగే మాటలే. ఇంగ్లీషు పేపర్లలో చాలాచోట్ల ‘నాట్’ అన్న మాటను పెద్ద అక్షరాల్లో అచ్చు వేస్తారు. మన లిపిలో పెద్ద, చిన్న అక్షరాలు లేవు. గీత గీసో, లావు అక్షరం వాడో ప్రశ్న తయారుచేసేవారే చూపించాలి. కొందరు చూపిస్తారు, కొందరు చూపించరు.

ఒకప్పుడు ప్రశ్నపత్రం చేతిలో ఉండేది కాబట్టి ‘కానిది’ కింద పెన్నుతో గీత గీసుకొమ్మని చెప్పేవాళ్లం. 2024లో టెట్ కంప్యూటర్ మీదికి మారింది. తెర మీద గీత గీయలేరు. చిత్తుకాగితం మాత్రం ఇస్తారు. దాని మీద ప్రశ్న సంఖ్య వేసి, పక్కన 1 2 3 4 అని రాసుకోండి. జవాబులు చదవకముందే ఆ నాలుగంకెల పైన ‘మూడు ఔను, ఒకటి కాదు’ అని గుర్తుపెట్టుకోండి. ఇంత తతంగం ఎందుకు సార్ అంటారు. ఎందుకో ఒక ప్రశ్న విప్పితే తెలుస్తుంది.

సవర్ణదీర్ఘ సంధి కానిది: 1) దేవాలయం 2) కవీంద్రుడు 3) మహోన్నతం 4) భానూదయం.

తప్పు పెట్టే పిల్లవాడు ఏం చేస్తాడో చూడండి. దేవాలయాన్ని విడదీస్తాడు: దేవ + ఆలయం. సవర్ణదీర్ఘం. నియమం సరిపోయిందన్న సంతోషంలో ఒకటి మీద నొక్కేస్తాడు. వాడికి సంధి వచ్చు, విడదీయడం వచ్చు, సూత్రం వచ్చు. మనసు మాత్రం ‘సరిపోయింది’ అన్న మాటను ‘జవాబు దొరికింది’ అనుకుంది. కానిది అడిగిన ప్రశ్నలో సరిపోయినదాన్ని పక్కన పెట్టాలి. కాబట్టి చిత్తుకాగితం మీద ఒకటి పక్కన ‘ఔ’ అని రాసి ముందుకు వెళ్లాలి. కవి + ఇంద్రుడు, రెండు కూడా ఔను. మహా + ఉన్నతం దగ్గర ఆకారానికి ఉకారం పరమై ఓకారం వచ్చింది. ఇది కాదు. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆగొద్దు. భాను + ఉదయం, ఔను. ఇప్పుడు మూడు ఔనులు, ఒక కాదు వచ్చాయి, లెక్క కుదిరింది.

ఇక్కడ సారు ఇంకో మెట్టు ఎక్కించేవారు. ఎవరైనా లేచి ‘మూడోది సార్’ అంటే, “కాదన్నవు సరే బిడ్డా, మరి అదేంది?” అని అడిగేవారు. ‘గుణసంధి సార్’ అంటేనే కూర్చోమనేవారు. ‘ఏదో తేడాగా ఉంది సార్’ అంటే నిలబెట్టేవారు. అప్పట్లో మాకది చాదస్తంలా అనిపించేది. ఒకటి సవర్ణదీర్ఘం కాదనడానికి రెండు కారణాలుండవచ్చు: అది నిజంగా కాకపోవచ్చు, లేదా మనకు విడదీయడం రాకపోవచ్చు. ఈ రెండూ లోపలి నుంచి ఒకేలా ఉంటాయి. ‘మరి అదేమిటి’ అన్నదానికి పేరు చెప్పగలిగితేనే మొదటి కారణమని తేలుతుంది. పేరు రాకపోతే ఆ ‘కాదు’ను నమ్మకూడదు.

అదే ప్రశ్నలో మహోన్నతం తీసేసి ‘రామయ్య’ పెట్టి చూద్దాం. రామ + అయ్య. అకారం, అకారం. రెండూ సవర్ణాలే. నాలుగింటికీ ఔను అని రాసేస్తారు, అప్పుడు కాదు ఎక్కడా మిగలదు. లెక్క కుదరలేదంటే మీ చేతిలోని సూత్రంలో ఏదో ఒక షరతు మరిచిపోయారని అర్థం. దీర్ఘం వచ్చిందా? ‘రామాయ్య’ అనలేదు కదా. సవర్ణదీర్ఘం సంస్కృత పదాల మధ్య జరిగే సంధి. ‘అయ్య’ తెలుగు మాట. ఇక్కడ పూర్వపదం చివరి అకారం లోపించింది, ఇది అత్వ సంధి. రామాలయంలో దీర్ఘం ఉంది, రామయ్యలో లేదు. అచ్చులు చూసి ఊరుకోకుండా ఫలితాన్నీ చూసి ఉంటే ముందే దొరికేది.

ఇప్పుడు కాస్త బరువైనదానికి వద్దాం. పండిత పోస్టులకు చదివేవాళ్లు జాగ్రత్తగా వినండి.

గసడదవాదేశ సంధి కానిది: 1) వాడుగొట్టె 2) అపుడుసనియె 3) పూచెనుగలువలు 4) వారువోరు.

వాడు + కొట్టె, కకారం గకారమైంది. అపుడు + చనియె, చకారం సకారమైంది. వారు + పోరు, పకారం వకారమైంది. పూచెను + కలువలు, ఇక్కడా కకారం గకారమే అయింది. పైకి చూస్తే ఒకటికీ మూడుకూ తేడా లేదు. తేడా వచ్చిన అక్షరంలో లేదు, దానికి ముందున్న పదంలో ఉంది. ‘వాడు’ ప్రథమా విభక్తి పదం. ‘పూచెను’ చివర ఉన్నది ద్రుతం, ఆ నకారం. ద్రుతం ఉన్న పదం మీది పరుషాలకు సరళాలు వస్తాయి. కాబట్టి మూడోది సరళాదేశ సంధి. మరి అదేమిటి అన్నదానికి పేరు దొరికింది.

ఇక్కడ నిలబడి రెండు వరుసలు పోల్చి చూడండి. పరుషాలు క చ ట త ప. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి చెప్పిన గసడదవాదేశంలో వీటి స్థానంలో గ స డ ద వ వస్తాయి. సరళాదేశంలో గ జ డ ద బ వస్తాయి. క, ట, త దగ్గర రెండు సంధుల ఫలితం ఒక్కటే. చ, ప దగ్గర మాత్రమే విడిపోతాయి: స ఎదురుగా జ, వ ఎదురుగా బ. అంటే జవాబుల్లో సకారమో వకారమో కనబడితే పూర్వపదం జోలికి పోకుండానే గసడదవాదేశమని చెప్పేయవచ్చు. జకారమో బకారమో అయితే సరళాదేశం. గ, డ, ద కనబడితే మాత్రం ముందు పదం తిరగేసి చూడాల్సిందే. పేపరు పెట్టేవారు కఠినంగా అడగదలిస్తే ఏ అక్షరాలను ఎంచుకుంటారో ఇప్పుడు మీకే తెలుసు. నాలుగు జవాబుల్లో రెండు సెకన్లలో తేలిపోయేవి రెండున్నాయి కాబట్టి, మిగిలిన సమయమంతా గకారం ఉన్న రెండింటి మీదే పెట్టండి.

ఒక మాట పక్కకు వెళ్లి చెప్తాను. ఈ సంధిని గ్రాంథిక పద్యాలకే సంబంధించిన వస్తువనుకుని మన పిల్లలు భయపడతారు. మన ఇళ్లల్లో ‘అట్ల గాదు’, ‘నాగ్గూడ గావాలె’ అంటాం. ‘ఎటు వోతున్నవ్’ అంటాం. ఆ గకారం, ఆ వకారం ఇంటి దగ్గర రోజూ నోట్లో ఉన్నవే. జగిత్యాల పిల్లకు ‘వారువోరు’ అర్థం కావడానికి పుస్తకమే కావాలా?

ఇక సమాసాల్లో ఈ ప్రశ్న వచ్చే తీరు వేరు. ద్విగువు కానిది అని నవరసాలు, ముల్లోకాలు, పంచభూతాలు, ముక్కంటి ఇస్తారు. నాలుగింటిలోనూ సంఖ్య ఉంది. ముక్కంటి అంటే మూడు కన్నులు కాదు, మూడు కన్నులు కలవాడు, బహువ్రీహి. అదొక్కటే తేడా కాబట్టి దీని మీద ఎక్కువసేపు ఆగను. ఇంకో సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఒకే మాట రెండు ప్రశ్నలకు రెండు విధాలుగా పనికొస్తుంది. ‘తల్లిదండ్రులు’ సమాసంగా చూస్తే ద్వంద్వం, సంధిగా చూస్తే తకారం దకారమైన గసడదవాదేశం. ‘గసడదవాదేశ సంధి కానిది’ అన్న ప్రశ్నలో ఈ మాట కనబడితే, ‘ఇది ద్వంద్వ సమాసం కదా, సంధి కాదు’ అని దాన్ని గుర్తించేవాళ్లున్నారు. అడిగిన కోణంలోనే జవాబు చెప్పాలి. మాటకు ఇంకో పేరు కూడా ఉన్నంత మాత్రాన మొదటి పేరు పోదు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన ప్రశ్న.

నిషేధార్థక వాక్యం కానిది: 1) మీరు అక్కడికి వెళ్లవద్దు 2) తరగతిలో అల్లరి చేయకండి 3) వాడు నిన్న బడికి రాలేదు 4) అబద్ధం ఆడకు.

ప్రశ్నలో ‘కానిది’ ఉంది, నాలుగు జవాబుల్లోనూ లేదు, వద్దు, కు అని వ్యతిరేకం ఉంది. తల తిరుగుతుంది. కొందరు ‘నిషేధం కానిది అంటే వ్యతిరేకం లేనిది’ అనుకుని, అలాంటి వాక్యం కనబడక ఏదో ఒకటి నొక్కేస్తారు. నిషేధమంటే పని చేయవద్దని ఎదుటివారికి చెప్పడం. ‘రాలేదు’ ఎవరినీ వద్దనడం లేదు, జరగలేదన్న కబురు చెప్తోంది. అది వ్యతిరేకార్థక వాక్యం. జవాబు మూడు. ఇలాంటిచోట ఒక చిట్కా ఉంది: వాక్యాన్ని ఎదుటి మనిషి ముఖం మీద అన్నట్టు ఊహించుకోండి. అతను మానుకోవడానికి అందులో ఏదైనా పని ఉందా? వెళ్లడం, అల్లరి, అబద్ధం, ఈ మూడూ మానుకోదగ్గవి. నిన్న రాకపోవడాన్ని ఇవాళ ఎవరు మానుకుంటారు?

దీని పక్కనే క్త్వార్థకాల్లో ఒక ఊబి ఉంది. వ్యతిరేక క్త్వార్థకం కానిది: తినక, చూడక, అడగక, నడక. నడక నామవాచకం, దాని వ్యతిరేక రూపం ‘నడవక’. ఇక్కడిదాకా బాగుంది. ఇందులో ‘అడగక’ తీసేసి ‘రాక’ పెడితే ఏమవుతుంది? ‘వాన రాక కోసం చూశారు’ అన్నప్పుడు రాక నామవాచకం, రావడమని అర్థం. ‘వాన రాక పత్తి మొలవలేదు’ అన్నప్పుడు అదే రాక వ్యతిరేక క్త్వార్థకం, రాకుండా అని అర్థం. ఆదిలాబాద్ రైతును అడిగితే ఈ రెండు రాకల తేడా ఎంతటిదో మనకంటే బాగా చెప్తాడు. వాక్యం ఇవ్వకుండా ఒంటి మాటగా ‘రాక’ ఇస్తే అది ఔను కూడా, కాదు కూడా. అలాంటప్పుడు జగడం పెట్టుకోకుండా మిగతా మూడింటిని చూడండి. నడక ఏ రకంగా చూసినా క్త్వార్థకం కాదు. రెండు విధాలా నిలబడే మాటకూ, ఒక్క విధంగా కూడా నిలబడని మాటకూ పోటీ వస్తే, నిలబడనిదే జవాబు.

ఇంతసేపూ ‘కానిది’ గురించి చెప్పాను. ‘తప్ప’ దాని చుట్టమే కానీ నడక వేరు. ‘కింది వానిలో ఒకటి తప్ప మిగిలినవన్నీ ప్రకృతి వికృతులు. ఆ ఒకటి ఏది?’ అని అడుగుతారు. ఇక్కడ వ్యతిరేకం వాక్యం నడుమ వచ్చి వెళ్లిపోతుంది. చెవిలో చివరికి మిగిలేది ‘ప్రకృతి వికృతులు’ అన్న మాట. అందుకే కానిదిని చూసుకునేవాళ్లు కూడా తప్పలో తప్పుతారు. దీనికి ఉన్న మేలు ఏమిటంటే, మూడింటి జట్టు ఏదో ప్రశ్నే చెప్పేస్తుంది. ప్రశ్నను మీ మాటల్లోకి తిప్పుకుని ‘ఇందులో ప్రకృతి వికృతి కానిది ఏది’ అనుకుంటే మళ్లీ మనకు తెలిసిన దారిలోకే వస్తుంది. అగ్ని అగ్గి, విద్య విద్దె, రాత్రి రాతిరి, సూర్యుడు పొద్దు. మొదటి మూడింటిలో ఒక మాట నుంచే రెండో మాట పుట్టింది, ధ్వనులు ఒకదానితో ఒకటి పలుకుతున్నాయి. సూర్యుడికీ పొద్దుకూ అర్థం కలిసింది కానీ పుట్టుక కలవలేదు. మరి అదేమిటి? పర్యాయపదాల జత.

జట్టు పేరు చెప్పకుండా ‘భిన్నమైనది గుర్తించండి’ అన్నప్పుడు పని పెరుగుతుంది. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, ఆటవెలది ఇచ్చారనుకుందాం. అక్షరాల సంఖ్య పట్టుకుంటే 20, 21, 19, ఏ రెండూ కలవవు. యతిస్థానం పట్టుకున్నా అంతే. అలాంటి కొలత జట్టు కట్టడానికి పనికిరాదు. వృత్తం, జాతి, ఉపజాతి అన్న పెద్ద విభజన పట్టుకుంటే మూడు వృత్తాలు ఒకవైపు, ఆటవెలది ఒకవైపు పడతాయి. ప్రాస నియమం చూసినా ఆటవెలదే విడిపోతుంది. రెండు కారణాలు ఒకే జవాబు దగ్గరికి తీసుకొస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

‘అతి తక్కువ’ వేరే జాతి ప్రశ్న. పైన చెప్పిన ఔను, కాదుల పద్ధతి ఇక్కడ పనిచేయదు. దాన్ని ఇక్కడ కూడా వాడబోయి బాగా చదివినవాళ్లే దెబ్బతింటారు. కానిదిలో జవాబు అబద్ధమై ఉంటుంది. అతి తక్కువలో నాలుగూ నిజమే కావచ్చు, జవాబు కూడా నిజమే కావచ్చు. అడిగేది ఎంత అని.

కొలత ఉన్నచోట ఇది సులభం. భ, ర, న, మ గణాల్లో అతి తక్కువ మాత్రలున్నది ఏది? లఘువుకు ఒకటి, గురువుకు రెండు. భగణానికి 4, రగణానికి 5, నగణానికి 3, మగణానికి 6. నగణం. ‘గణాలన్నింటికీ మూడక్షరాలే కదా, తేడా ఏముంది’ అనుకునేవారు అడిగిన కొలతను మార్చేశారన్నమాట. అక్షరాలు లెక్కపెట్టమన్నారా, మాత్రలా? ఇదే ప్రశ్నలో మగణం బదులు గలం ఇస్తే గురువుకు 2, లఘువుకు 1 కలిసి దానికీ 3 మాత్రలే వస్తాయి. అప్పుడు రెండు జవాబులు సమానమవుతాయి. అది ప్రశ్న పెట్టినవారి పొరపాటు.

కొలత చెప్పనిచోట, అంటే అపరిచిత గద్యంలో, కష్టమంతా ఉంటుంది. ఇక్కడికి దగ్గరి విషయం మీదే ఒక పేరా చెప్తాను, వినండి. “గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట మీద పదో శతాబ్దపు శాసనం ఒకటుంది. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు దాన్ని చెక్కించాడు. అందులో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలూ ఉన్నాయి. తెలుగు భాగంలో ఉన్నవి మూడు కందపద్యాలు. నన్నయ కంటే ముందే తెలుగులో కందం నడిచిందనడానికి ఇది సాక్ష్యం.” ఈ పేరాకు అతి తక్కువగా సరిపోయే శీర్షిక: 1) మూడు భాషల శాసనం 2) నన్నయకు ముందు కందం 3) కురిక్యాల శాసనం 4) పంపడి కుటుంబం.

కానిది పద్ధతిలో పోతే ఇరుక్కుంటారు. పంపడి ప్రస్తావన పేరాలో ఉంది, తమ్ముడి ప్రస్తావన ఉంది, నాలుగో శీర్షిక అబద్ధమేమీ కాదు. ఇక్కడ వేసుకోవాల్సిన ప్రశ్న ‘దేనితో కొలవాలి’ అని. శీర్షికకు కొలత, అది పేరాలో ఎన్ని వాక్యాలను కప్పుతుందన్నది. మూడో శీర్షిక అన్ని వాక్యాలనూ కప్పుతుంది. మొదటిదీ, రెండోదీ తలా కొంత భాగాన్ని కప్పుతాయి, అందులోనూ రెండోది ముగింపుకు వచ్చిన విషయాన్నే పట్టుకుంది. నాలుగోది ఒక్క వాక్యాన్ని మాత్రమే తాకుతుంది, ఆ వాక్యం కూడా శాసనం ఎవరిదో చెప్పడానికి వచ్చిందే తప్ప కుటుంబం గురించి కాదు. కాబట్టి నాలుగు. నాలుగింటినీ ఒకేసారి వరుసలో పెట్టబోతే బుర్ర తేలదు. రెండేసి చొప్పున పోల్చండి. ఒకటీ రెండూ పోల్చి వాటిలో తక్కువదాన్ని ఉంచుకోండి, దాన్ని మూడుతో, మిగిలినదాన్ని నాలుగుతో పోల్చండి. మూడు పోలికల్లో పని అయిపోతుంది. మొదటి రెండింటిలో ఏది తక్కువో తేలకపోయినా ఫరవాలేదు, చివర వచ్చేది ఆ రెండింటికంటే తక్కువైతే చాలు.

బోధనాపద్ధతుల భాగంలో కూడా ఇది వస్తుంది. అక్కడ కొలత మరింత మసకగా ఉంటుంది, ఎందుకంటే అది పాఠ్యపుస్తకం రాసినవారి అభిప్రాయం మీద ఆధారపడి ఉంటుంది. అలాంటి ప్రశ్నకు ఒకటిన్నర నిమిషం మించి ఇవ్వకండి. గుర్తు పెట్టి ముందుకు పోండి.

ఇంకొక ముడి విప్పి ముగిస్తాను. ‘గుణసంధి కానిది: 1) మహేశ్వరుడు 2) సూర్యోదయం 3) దేవేంద్రుడు 4) ఏదీ కాదు.’ మొదటి మూడూ గుణసంధులే. అలాంటప్పుడు ‘ఏదీ కాదు’ అంటే గుణసంధి ఏదీ కాదని కొందరు చదువుతారు. దాని అర్థం అది కాదు. ప్రశ్న అడిగిన ‘కానిది’ ఈ మూడింటిలో ఏదీ కాదు, అంటే మూడూ గుణసంధులే. జవాబు నాలుగు. అదేచోట ‘పైవన్నీ’ ఉంటే మూడూ గుణసంధులు కావని అర్థం. తికమక పడితే ఆ నాలుగో జవాబును చేతితో మూసేసి మిగతా మూడింటికి ఔను, కాదు రాసుకోండి. మూడు ఔనులొస్తే ఏదీ కాదు, మూడు కాదులొస్తే పైవన్నీ.

లెక్క ఎంతకీ కుదరని సందర్భం కూడా ఒకటుంది. రెండు కాదులు వస్తాయి, రెండింటికీ పేరు చెప్పగలుగుతారు, షరతేదీ మరిచిపోలేదు. గుణసంధి కానిది అని అడిగి, ‘ప్రత్యేకం’, ‘ఏకైక’ రెండూ ఇచ్చారనుకోండి. ఒకటి యణాదేశం, ఒకటి వృద్ధి. రెండూ సరైన జవాబులే. ఇలాంటి పొరపాటు మామూలు ప్రశ్నల్లో కంటే కానిది ప్రశ్నల్లో తేలిగ్గా జరుగుతుంది, ఎందుకంటే మామూలు ప్రశ్నలో ఒక్క జవాబు సరిచూసుకుంటే దాదాపు చాలు, ఇక్కడ మూడూ సరిచూసుకోవాలి. పరీక్షలో కూర్చుని దానితో పోట్లాడకండి. ఏదో ఒకటి పెట్టి రండి, మార్కు కోత లేదు కదా. ప్రాథమిక కీ వచ్చాక అభ్యంతరాలు పిలుస్తారు. అప్పుడు పాఠ్యపుస్తకంలో ఆ సంధి ఉన్న పుట చూపించి, రెండు మాటలనూ విడదీసి, ఏది ఏ సంధో పేరు రాసి పంపండి. ‘ప్రశ్న తప్పు’ అని మాత్రం రాసి పంపితే చదివేవారికి అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

రేపు మీలో చాలామంది ఈ ప్రశ్నలు తయారుచేసే కుర్చీలో కూర్చుంటారు. ఆసిఫాబాద్ వైపు బడుల్లో ఇంట్లో గోండి, కొలామి మాట్లాడే పిల్లలు, సరిహద్దు వైపు మరాఠీ పిల్లలు మీ ముందుంటారు. అక్షరం అక్షరం కూడబలుక్కుని తెలుగు చదివే పిల్లవాడికి గుడి జరిగిన మాట పెట్టి అడిగితే, మీరు పరీక్షించింది సంధి జ్ఞానాన్ని కాదు, కంటి చూపును. ‘చెందనిది’ బదులు ‘కానిది’ వాడి, దాని కింద గీత గీయండి. జవాబుల్లో వ్యతిరేకం ఉంటే ప్రశ్నలో పెట్టకండి. తరగతిలో పిల్ల లేచి ‘మూడు సార్’ అన్నప్పుడు కూర్చోమనేముందు సారు అడిగిన ప్రశ్నే అడగండి.

ఇప్పుడు చిత్తుకాగితాలు తీయండి. బోర్డు మీద ఐదు ప్రశ్నలు రాస్తున్నాను. మొదటిదాని జవాబు వెనక బెంచీ నుంచి రావాలి, పేరుతో సహా.